ప్లాన్ మారితే మిగిలిన క్రెడిట్లు ఎవరివి?

ప్లాన్ మారుతోందని చెప్పే మెయిల్స్ అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పైన శుభవార్త, ఆ శుభవార్త వల్ల మనకి పోయేదేమిటో కింద. రథయాత్ర అయిన వారంలో మా వదినకి తన ఆడియో పుస్తకాల యాప్ నుంచి వచ్చిన మెయిల్ కూడా అంతే. "ఇకపై ఎన్ని పుస్తకాలైనా వినండి" అని పెద్ద అక్షరాల్లో ఉంది. నాలుగో పేరాలోకి వెళ్తే అసలు సంగతి: క్రెడిట్‌కో పుస్తకం లెక్కన నెలకో క్రెడిట్ ఇచ్చే పద్ధతి ఆపేస్తున్నారు, మీ దగ్గర మిగిలిన క్రెడిట్లని ఆగస్టు నెలాఖరులోగా వాడుకోవాలి, అప్పటికీ మిగిలితే ఒక్కో క్రెడిట్‌కి ఒక్కో నెల చొప్పున కొత్త అపరిమిత ప్లాన్‌లో కలిపేస్తారు.

"ఏంటి బాబూ ఇది, మంచికా చెడుకా?" అని ఫోన్ నా చేతిలో పెట్టింది వదిన. నేను చదవకముందే అన్నయ్య తీర్పు చెప్పేశాడు. "ఒక పుస్తకం బదులు లైబ్రరీ మొత్తం ఇస్తున్నారు, ఇంకేం కావాలి?"

ఆ ప్రశ్న అక్కడితో అయిపోలేదు. చాలా రోజులు ఇంట్లో నలిగింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్రెడిట్ పద్ధతి మంచిదా, అపరిమితం మంచిదా అన్నది ఎవరి వినికిడిని బట్టి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. మిగిలిన క్రెడిట్లు మాత్రం అలా కాదు. అవి డబ్బు కట్టి కొన్నవి. కొత్త ప్లాన్ ఎంత బాగున్నా సరే, అడక్కుండా వాటిని ఇంకో వస్తువుగా మార్చే హక్కు కంపెనీకి ఉండకూడదు.

మా ఇంట్లో వినడమే చదవడం

మేముండే ఒడిశాలోని రాయగడలో తెలుగు మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. బజారులో బేరం నుంచి పెళ్లి చూపుల దాకా తెలుగులోనే నడిచిపోతుంది. చదువు మాత్రం మా తరంలో చాలామందికి ఒడియా మీడియమే. మా వదినది గుణుపూర్. ఒడియా పేపరు ఐదు నిమిషాల్లో చదివేస్తుంది, తెలుగు బస్సు బోర్డు మాత్రం కూడబలుక్కుంటుంది. అటువంటి మనిషికి తెలుగు నవల చేతికిస్తే పది పేజీలు దాటదు. అదే నవల ఎవరైనా చదివి వినిపిస్తే ఒక్క ముక్క వదలకుండా అర్థమవుతుంది, పైగా సంభాషణల్లో యాస తప్పితే పట్టుకుంటుంది కూడా. ఆడియో పుస్తకం మాకు కాలక్షేపం కంటే కాస్త ఎక్కువ అవడానికి కారణం ఇదే.

ఆమె టికిరి దగ్గర బడిలో టీచరు. వారంలో కొన్ని రోజులు కోరాపుట్ లైను రైల్లో వెళ్తుంది. ఆ దారిలో కొండలు, సొరంగాలు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కాబట్టి ముందు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవాలి. రానూ పోనూ కలిపి రోజుకి ముప్పావు గంట వింటుందనుకుంటే, నెలకి పదిహేను గంటలు దాటడం కష్టం. అంటే ఒక పెద్ద నవల, లేదా రెండు మూడు చిన్న పుస్తకాలు.

ఇలా వినేవాళ్లకి క్రెడిట్ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. నెలకో పుస్తకం ఎంచుకుంటారు, అది లైబ్రరీలో ఉండిపోతుంది, చందా ఆపేసినా వినొచ్చు. అపరిమితంలో అలా కాదు. చందా కడుతున్నన్నాళ్లే తలుపు తెరిచి ఉంటుంది. డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలు ఫోన్‌లోనే ఉన్నా, గడువు దాటిన రోజున తాళం పడుతుంది. చందా నడుస్తూనే ఉన్నా కేటలాగ్‌లోంచి పుస్తకాలు వెళ్లిపోతుంటాయి, ఎందుకంటే వాటి హక్కులు ప్రచురణకర్తల దగ్గర కొంత కాలానికే తీసుకుంటారు. ఆ ఒప్పందం ముగిస్తే సగం విన్న పుస్తకం కూడా మాయమైపోవచ్చు.

అన్నయ్య వాదన కూడా కొట్టిపారేసేది కాదు. క్రెడిట్‌కి పుస్తకం నిడివితో పని లేదు. నలభై గంటల పుస్తకానికీ ఒకటే, నలభై నిమిషాల పిల్లల కథకీ ఒకటే. అందుకని క్రెడిట్ చేతిలో ఉన్నవాళ్లు బరువైనదాన్నే వెతుకుతారు. తెలుగులో బాగా చదివిన కథాసంపుటాలు చాలావరకు మూడు నాలుగు గంటలు దాటవు. "ఇంత చిన్నదానికి క్రెడిట్ ఎందుకు దండగ" అని వదినే ఎన్నోసార్లు పక్కన పెట్టేసింది. పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. రోజుకో కథ అడిగేవాళ్లకి నెలకో క్రెడిట్ ఏ మూలకి? అన్నయ్య పిల్లలని దృష్టిలో పెట్టుకుని మాట్లాడాడు, వదిన తన రైలు ప్రయాణాన్ని. ఇద్దరిదీ నిజమే.

ఐదు క్రెడిట్ల లెక్క

ఇప్పుడు వదిన ఖాతా చూద్దాం. సంక్రాంతి తర్వాత ₹1,800 కట్టి ఏడాది ప్లాన్ తీసుకుంది. పన్నెండు క్రెడిట్లూ ఒకేసారి ఖాతాలో పడ్డాయి. అంటే ఒక్కోటి ₹150. జూలై నాటికి ఏడు వాడేసింది, ఐదు మిగిలాయి. వాటి కొన్న ఖరీదు ₹750. కొన్నప్పుడు రాసిన గడువు ఏడాది, అంటే మళ్లీ సంక్రాంతి దాకా. మెయిల్‌తో ఆ గడువు ఆగస్టు నెలాఖరుకి వచ్చేసింది. మొదటి నష్టం ఇదే, దీని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే ఇది రూపాయల్లో కనబడదు.

రెండోది కనబడుతుంది. కొత్త ప్లాన్ నెలకి ₹99. ఐదు క్రెడిట్లకి ఐదు నెలలంటే ₹495 విలువ. ₹750 ఇచ్చి కొన్నది ₹495 వస్తువుగా మారింది, తేడా ₹255. "ఒక క్రెడిట్‌కి ఒక నెల" అన్నప్పుడు వినడానికి సమానంగానే ఉంటుంది, పాత ప్లాన్‌లో కూడా నెలకి ఒకటే కదా అనిపిస్తుంది. కానీ పాత నెల ధర వేరు, కొత్త నెల ధర వేరు.

ఇక్కడ నాకే ఒక సందేహం వచ్చింది. వదిన వినేది ఎలాగూ నెలకో పుస్తకమే. ఐదు నెలల అపరిమితంలో ఆమె అవే ఐదు పుస్తకాలు వినగలదు. వినికిడిలో తేడా లేనప్పుడు నష్టం ఎక్కడుంది? ఈ మాట అన్నయ్యే అన్నాడు, కాసేపు నా దగ్గర జవాబు లేదు. జవాబు వదిన లైబ్రరీలో ఉంది. ఆమె కొన్న ఏడు పుస్తకాల్లో రెండింటిని ఇప్పటికి చాలాసార్లు విన్నది. మా అమ్మ కూడా ఆ ఫోన్‌లోనే మధ్యాహ్నాలు వింటుంది. ఐదు నెలలు గడిచాక అపరిమితంలో విన్న ఐదూ చేతిలో ఉండవు. క్రెడిట్‌తో తీసుకుంటే ఉంటాయి. ₹750లో వినడానికి కట్టినది కొంతే, మిగతాది దగ్గర ఉంచుకోవడానికి కట్టింది. కంపెనీ లెక్కలో ఆ రెండో భాగానికి విలువ సున్నా.

మూడు చుక్కల వెనక

సరే, గడువులోగా ఐదూ వాడేద్దామని కూర్చున్నాం. అప్పుడు బయటపడింది అసలు చిక్కు.

కొత్త కేటలాగ్‌లోకి వచ్చిన ప్రతి పుస్తకం పేజీలోనూ పాత "క్రెడిట్‌తో తీసుకోండి" బటన్ పోయి, దాని స్థానంలో "మీ ప్లాన్‌లో ఉంది, వినండి" అన్న బటన్ వచ్చింది. ఆ యాప్‌లో తెలుగు పుస్తకాలు దాదాపు అన్నీ కేటలాగ్‌లోకి వచ్చేశాయి. బయట మిగిలినవి ఎక్కువగా ఇంగ్లీషు, హిందీవి. వదినకి అవి అక్కర్లేదు. అంటే చేతిలో ఐదు క్రెడిట్లున్నాయి, కొనడానికి తెలుగులో సరుకు లేదు. "అయితే వదిలేద్దాం, నెలలుగానే మారనీ" అనేసింది.

కాసేపు అటూ ఇటూ నొక్కి చూస్తే, పేజీ పైన మూలన ఉన్న మూడు చుక్కల మెనూలో క్రెడిట్‌తో కొనే దారి ఇంకా ఉంది. ఎవరికీ కనబడనంత లోపల ఉంది, కానీ పనిచేసింది. ఆ దారిలో కొన్న పుస్తకం పక్కన "మీ సొంతం" అన్న గుర్తు వస్తుంది, కేవలం ప్లాన్‌లో విన్నదానికి ఆ గుర్తు రాదు. మీకు ఇలాంటి పరిస్థితి వస్తే చూడాల్సింది ఆ గుర్తునే. లైబ్రరీలో కనబడుతోంది కదా అనుకుంటే సరిపోదు, ప్లాన్‌లోవి కూడా అదే లైబ్రరీలో, అదే అట్టబొమ్మతో కనబడతాయి.

కేటలాగ్‌లో ఊరికే వినగలిగినదానికి క్రెడిట్ ఖర్చు పెట్టడం ఇప్పుడు తెలివితక్కువగా కనిపిస్తుంది, కంపెనీ బటన్ అమర్చిన తీరు కూడా అలా అనిపించేలాగే ఉంది. కానీ ప్లాన్ మారే ముందు మిగిలిన క్రెడిట్లకి అంతకంటే మంచి వాడకం లేదు. కేటలాగ్‌లోంచి రేపు పోయే అవకాశమున్నవి, మనం మళ్లీ మళ్లీ వినేవి, ధర ఎక్కువున్నవి ముందు తీసుకోవాలి. వదిన మూడు పెద్ద నవలలు, అమ్మ కోసం ఒక పురాణం, పిల్లలకి పొడవాటి కథల సంపుటి ఒకటి తీసుకుంది.

అంతకుముందు ఒక ప్రమాదం కొద్దిలో తప్పింది. మెయిల్ చూసిన చిరాకులో వదిన చందా రద్దు బటన్ దాకా వెళ్లింది. ఆఖరి తెరపై చిన్న అక్షరాల్లో "వాడని క్రెడిట్లు వెంటనే రద్దవుతాయి" అని ఉంది. చాలా క్రెడిట్ సర్వీసుల్లో ఇదే నియమం: కొన్న పుస్తకాలు ఉంటాయి, వాడని క్రెడిట్లు పోతాయి. కాబట్టి వరుస ముఖ్యం. ముందు క్రెడిట్ల పేజీకీ, చెల్లింపుల పేజీకీ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తర్వాత క్రెడిట్లు వాడాలి. ఆ తర్వాతే రద్దు. యాప్ తీసేస్తే చందా ఆగదు. యూపీఐలో ఆటోపే ఆపేస్తే డబ్బు పోవడం ఆగుతుంది కానీ, అటువైపు అది "చెల్లింపు విఫలం"గా నమోదై ఖాతా వేలాడుతుంది. రెండు చోట్లా విడివిడిగా ఆపాలి.

వాడనివాళ్ల డబ్బు

కంపెనీ వైపు నుంచి బలమైన వాదన ఒకటుంది. ₹500 పుస్తకం ₹150 క్రెడిట్‌కి ఎలా వస్తోంది? కొందరు క్రెడిట్లు వాడరు కాబట్టి. అందరూ అన్నీ వాడేస్తే, లేదా వాడనివాటికి డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తే, క్రెడిట్ ధర పెరుగుతుంది. జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి రెండో నెల నుంచి వెళ్లనివాళ్లే, వెళ్లేవాళ్ల ఫీజు తగ్గిస్తున్నట్టు. ఈ వాదన అబద్ధం కాదు. దీనికి లెక్కల పుస్తకాల్లో పేరు కూడా ఉంది: బ్రేకేజ్. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, ముందుగా తీసుకున్న డబ్బు సేవ ఇచ్చేదాకా కంపెనీ బాకీ కిందే ఉంటుంది. ఖాతాదారులు కొంత వాడరని అనుభవం మీద అంచనా ఉంటే, ఆ భాగాన్ని పద్ధతి ప్రకారం ఆదాయంగా చూపించుకోవచ్చు.

నేను ఇక్కడ పట్టుకునేది ఆ "బాకీ" అన్న మాటని. వదిన మర్చిపోయి ఏడాది దాటబెడితే ఆ క్రెడిట్ పోవడం ఒప్పందంలో ఉన్నదే, దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కానీ గడువు ఇంకా ఆరు నెలలుండగా, ఆమె మర్చిపోకుండా దాచుకున్నవాటిని కంపెనీ తన సౌకర్యం కోసం ముందే ముగిస్తే, అది బాకీ ఉన్నవాడు బాకీ తీర్చే తేదీని, పద్ధతిని తనే రాసుకోవడం. ధర తక్కువ ఉండడానికి కారణం కొందరి బద్ధకం కావచ్చు, కంపెనీ మనసు మార్చుకోవడం కాకూడదు.

మన చట్టం ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందంటే, సగం వరకు. చాలాచోట్ల చెల్లే వాలెట్లు, గిఫ్ట్ కార్డులకి రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి. కనీసం ఏడాది చెల్లాలి, గడువుకి ముందు 45 రోజుల్లో హెచ్చరికలు పంపాలి. కానీ ఒకే కంపెనీ తన దగ్గర మాత్రమే చెల్లేలా ఇచ్చేవి ఆ పరిధిలోకి రావు. ఆడియో క్రెడిట్ అలాంటిదే, పైగా దాని మీద రూపాయి విలువ కూడా రాసి ఉండదు. మిగిలింది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అందులో అన్యాయపు ఒప్పందం అన్న నిర్వచనం ఉంది. వాడేవాళ్లని మభ్యపెట్టే అమరికలైన డార్క్ ప్యాటర్న్స్ మీద 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాల్లో చందా వల కూడా ఒకటి, అంటే చందాలోంచి బయటికి వెళ్లే దారిని కష్టం చేయడం. మూడు చుక్కల వెనక దాచిన బటన్ సూటిగా ఆ నిర్వచనంలోకి రాదేమో, అది చందా రద్దుకి సంబంధించింది కాదు కాబట్టి. కానీ ఫిర్యాదులో రాయదగ్గ సంగతే. ₹255 కోసం ఎవరు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తారు అంటే, ఎవరూ వెళ్లరు. 1915 హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇవ్వడానికి మాత్రం ఖర్చు లేదు.

రాసినవాళ్ల, చదివినవాళ్ల సంగతి

ఇంట్లో చర్చలో ఎవరికీ తట్టని కోణం ఒకటుంది. క్రెడిట్ ఖర్చు పెట్టిన రోజున ఆ పుస్తకం అమ్మకం కింద లెక్క. రచయితకో, ప్రచురణకర్తకో వాటా పుడుతుంది. వాడని క్రెడిట్ నుంచి ఏ పుస్తకానికీ అమ్మకం లేదు, కాబట్టి ఎవరికీ వాటా లేదు. వదిన ₹750 ఏ తెలుగు రచయితకీ చేరకుండా ఆగిపోయేది. అపరిమితంలో సాధారణంగా వాటా విన్న నిమిషాలని బట్టి పోతుంది. అక్కడ మూడు గంటల కథల పుస్తకానికి వచ్చేది చిల్లర, వందల ఎపిసోడ్లు సాగదీసిన సీరియల్‌కి వచ్చేది నోట్లు. అందుకే అపరిమిత యాప్‌లలో కథ ముగియదు. క్రెడిట్ పద్ధతి చిన్న పుస్తకాన్ని కొనుక్కోనివ్వదు, అపరిమితం చిన్న పుస్తకాన్ని రాయనివ్వదు. తెలుగు కథకి రెండు వైపులా దెబ్బే. ఈ ముడి విప్పే మూడో పద్ధతి, పుస్తకాన్ని బట్టి ధర పెట్టి విడిగా అమ్మడం. అది అందరికీ పాతగా అనిపిస్తుంది, కానీ మూడు గంటల పుస్తకం ₹60కి అమ్మితే వదిన ఆలోచించకుండా కొనేది.

పెద్ద సర్వీసులు కూడా ఈ రెండు పద్ధతుల మధ్య ఊగుతూనే ఉన్నాయి. స్క్రిబ్డ్ ముందు అపరిమితం అంది, 2016లో నెలకి మూడు పుస్తకాలు, ఒక ఆడియో అని బిగించింది, 2018లో మళ్లీ అపరిమితం అంది. ఆ తర్వాత పుస్తకాల సర్వీసు ఎవరాండ్ అన్న పేరుతో విడివడి, మళ్లీ నెలకి ఇన్ని అన్‌లాక్‌లు అనే లెక్కలోకి వచ్చింది. స్పాటిఫై 2023లో కొన్ని దేశాల్లో నెలకి 15 గంటలు అని మొదలుపెట్టింది, మిగిలిన గంటలు పై నెలకి రావు. మన చిన్న యాప్‌లు కూడా ఊగుతాయి, ఇది చివరి మార్పు కాదు. అందుకే ఈసారి ఏడాది ప్లాన్ తీసుకునేవాళ్లకి నా సలహా, క్రెడిట్లు పోగు చేయకండి. రెండుకి మించి ఉంచొద్దు. వినడానికి తీరిక లేకపోయినా పుస్తకాన్ని తీసుకుని లైబ్రరీలో పడేయండి. క్రెడిట్ గడువు మారుతుంది, కొన్న పుస్తకం గడువు మార్చడం కంపెనీకి అంత తేలిక కాదు.

కంపెనీ ఏం చేసి ఉండాల్సిందంటే, నా లెక్కలో కష్టమైనదేం లేదు. పాత క్రెడిట్లని కొన్నప్పటి గడువు దాకా అలాగే ఉండనివ్వడం, క్రెడిట్ బటన్‌ని కనబడేచోట ఉంచడం. నెలలుగా మారాలనుకునేవాళ్లకి అడిగి మార్చడం, అదీ కొన్న ధర లెక్కన, అంటే ₹750కి ఏడు నెలలు, పైన కాస్త చిల్లర.

వదిన ఇదే లెక్క రాసి మెయిల్ పెట్టింది. నేను ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. మొదటి జవాబు అచ్చు వేసిన కాగితంలా వచ్చింది. రెండోసారి స్క్రీన్‌షాట్లు జతచేసి, గడువు ఎందుకు మారిందో ఒక్కటే అడిగితే, సెప్టెంబరు నెలాఖరు దాకా పొడిగించామన్నారు. అప్పటికి ఐదూ వాడేసింది కాబట్టి ఆమెకి ఆ పొడిగింపుతో పనిలేదు, గుణుపూర్‌లో ఆమె చెల్లెలి ఖాతాలో మిగిలిన మూడింటికి మాత్రం అదే మెయిల్ చూపించి గడువు పెంచుకున్నారు. అన్నయ్య పిల్లల కోసం తన ఫోన్‌లో ₹99 ప్లాన్ తీసుకున్నాడు. పిల్లలు కథలు వింటున్నారు, ఆయన మాత్రం ఒక సీరియల్‌లో పడ్డాడు, అది ఇప్పట్లో అయ్యేలా లేదు.